రెండు డబ్బాలా, కార్డులా? రాయగడ లాంటి చోట చిన్న పార్టులు అయిపోకుండా చూసుకునే లెక్క

కన్వేయర్ రోలరు బిగించే బల్ల దగ్గర పైపు నిండుకుంటే వారం ముందే అందరికీ తెలుస్తుంది. యార్డు ఖాళీగా కనబడుతుంది కదా. బేరింగు జారకుండా పట్టే చిన్న రింగు, సర్కిలిప్ సంగతి అలా కాదు. ఆఖరిది చేతిలోకి వచ్చాక, ఇంకోటి కోసం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలినప్పుడే తెలుస్తుంది. అప్పుడు ఒకరు స్టోరుకి పరిగెడతారు, ఒకరు ఫోను తీస్తారు, మిగిలిన నలుగురు చేతులు తుడుచుకుంటూ నిలబడతారు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో అయితే మధ్యాహ్నానికి సరుకు తెప్పించుకోవచ్చు. ఒడిశా సరిహద్దు జిల్లా రాయగడలో అలా కుదరదు. విశాఖ నుంచి పార్వతీపురం మీదుగా లారీ రావాలి, ఆ లారీకి మన పార్సిలు అందాలి.

ఇలాంటి చోట చిన్న పార్టులు నింపుకోవడానికి రెండు దారులు ఎక్కువగా వాడతారు. ఒకటి రెండు డబ్బాల పద్ధతి, రెండోది కాన్‌బాన్ కార్డులు. ఏది మంచిదని అడిగితే మా సమాధానం ఇది: షాపు లోపల, స్టోరు నుంచి బల్లకి వచ్చే చిన్న సామానుకి రెండు డబ్బాలే పెట్టండి, కార్డుల జోలికి పోకండి. బయటి నుంచి స్టోరుకి వచ్చే సరుకులో మాత్రం ఖరీదైనదానికి కార్డులు, చవకదానికి డబ్బాలు. ఎంత ఖరీదైతే కార్డు పెట్టాలన్నది అంచనాతో తేల్చక్కర్లేదు, దానికి లెక్క ఉంది. ఆ లెక్క కోసమే ఈ వ్యాసం.

ఉదాహరణకి ఒక చిన్న షాపు అనుకుందాం. రోజుకి 120 రోలర్లు బిగిస్తారు, వారానికి ఆరు రోజులు పని, ఆదివారం సెలవు. ఒక్కో రోలరుకి రెండు 6305 బేరింగులు, రెండు 25 మిల్లీమీటర్ల సర్కిలిప్‌లు, రెండు సీలు సెట్లు పడతాయి. మూడు రోలర్లకి ఒక ఫ్రేము చొప్పున రోజుకి 40 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముతో నాలుగు ఎం16 బోల్టులు, వాటికి నట్లు, స్ప్రింగు వాషర్లు వెళ్తాయి. అంటే రోజుకి బేరింగులు 240, సర్కిలిప్‌లు 240, స్ప్రింగు వాషర్లు 160.

రెండూ చెప్పేది ఒకటే మాట

కాన్‌బాన్ అంటే జపాను భాషలో బోర్డు, సూచిక పలక. టయోటా కంపెనీలో తాయిచీ ఓనో 1953లో మెషిన్ షాపులో దీన్ని మొదలుపెట్టాడు. కొనుక్కునేవాడు అరలోంచి ఎంత తీసుకుంటే అంతే మళ్ళీ నింపే అమెరికా సూపర్ మార్కెట్ల తీరు ఆయనకి ఆదర్శం. వాడినంతే తెప్పించు, వాడాకే తెప్పించు. ఆ మాట మోసేది కార్డు.

రెండు డబ్బాల పద్ధతిలో ఆ మాట మోసేది ఖాళీ డబ్బా. ఒకే పార్టుకి రెండు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది ఖాళీ అయితే దాన్ని తీసి పక్కన పెట్టి, వెనకదాన్ని ముందుకి లాగుతారు. ఖాళీ డబ్బాయే ఇండెంటు, అంటే సరుకు పంపమన్న చీటీ. నిజానికి ఇది రెండే రెండు కార్డులున్న కాన్‌బాన్. రెండింటికీ అసలు తేడా డబ్బా సైజులో వస్తుంది. డబ్బాలు రెండే కాబట్టి, మొదటిది నిండి తిరిగొచ్చేదాకా రెండోదానితోనే బండి నడవాలి. సరుకు రావడానికి ఎనిమిది రోజులు పడితే ఒక్కో డబ్బాలో ఎనిమిది రోజుల సరుకు పట్టాలి. కార్డుల్లో అయితే ఆ ఎనిమిది రోజుల సరుకుని ఇరవై చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక కార్డు కట్టొచ్చు. ముక్క అయిపోగానే ముక్కంత ఆర్డరు వెళ్తుంది.

బల్ల దగ్గర: డబ్బా లెక్క

సర్కిలిప్‌తో చూద్దాం. షాపు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా, మధ్యలో గంట భోజనం. అంటే పని గంటలు ఎనిమిది, గంటకి 30 సర్కిలిప్‌లు. స్టోరు మనిషి ట్రాలీతో రోజుకి రెండుసార్లు తిరుగుతాడు, ఉదయం 10కి, మధ్యాహ్నం 3కి. రెండు చుట్ల మధ్య పని గంటలు ఎటు చూసినా నాలుగే.

అన్నిటికంటే ఇబ్బందైన సందర్భం పట్టుకుని లెక్క వెయ్యాలి. ట్రాలీ అలా వెళ్ళిందో లేదో డబ్బా ఖాళీ అయింది. తర్వాతి చుట్టు దాకా నాలుగు గంటలు అది అక్కడే ఉంటుంది. ఆ చుట్టులో ఖాళీ డబ్బా స్టోరుకి వెళ్తుంది, నిండినది ఆ తర్వాతి చుట్టులో వస్తుంది. అది ఇంకో నాలుగు గంటలు. మొత్తం ఎనిమిది గంటలు, అంటే 240 సర్కిలిప్‌లు. దాని మీద పావు వంతు భద్రత కలిపితే 300. ఒక్కో డబ్బాలో 300 పెట్టాలి. ప్యాకెట్లో వంద వస్తే మూడు ప్యాకెట్లు సరిగ్గా సరిపోతాయి, లెక్కపెట్టే పనే ఉండదు. లెక్క 270 అని వచ్చినా మూడు ప్యాకెట్లే పోయండి. విడి లెక్క మొదలైతే ఒకరు 270 అంటారు, ఒకరు పిడికిళ్ళతో కొలుస్తారు.

ట్రాలీ మీదే సరుకు ఉంచుకుని అక్కడికక్కడే డబ్బా నింపి వెళ్తే ఎనిమిది గంటలు నాలుగుకి దిగుతాయి, 150 సరిపోతాయి. బల్ల మీద చోటు తక్కువైతే ఇది మంచి పద్ధతి. కాకపోతే ట్రాలీ మీదే ప్యాకెట్లు తారుమారయ్యే ప్రమాదం ఉంది. పార్టులు పది రకాలు దాటితే డబ్బాలు మార్చుకోవడమే మేలు.

డబ్బా ముందు భాగంలో అదే పార్టు ఒకటి అతికించండి. రాయగడ షాపుల్లో ఒకే షిఫ్టులో తెలుగు చదివేవాళ్ళు, ఒడియా చదివేవాళ్ళు, ఇంట్లో గిరిజన భాష కువి మాట్లాడుతూ ఏ లిపీ పెద్దగా అలవాటు లేనివాళ్ళు కలిసి పనిచేస్తారు. పేరు ఏ భాషలో రాసినా ఇద్దరికి అర్థమై ఒకరికి అర్థం కాదు. అసలు వస్తువే కళ్ళముందుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అంకెలు మాత్రం ఇంగ్లీషువే రాయండి, ఒడియా అంకెలు వేరుగా ఉంటాయి. ర్యాకు అరకి ఒక రంగు, డబ్బాకి అదే రంగు స్టిక్కరు పెడితే తిరిగొచ్చిన డబ్బా తన చోటికే చేరుతుంది.

ఇది పాడయ్యేది ఎక్కువగా ఒకే కారణంతో. ముందు డబ్బాలో అడుగున పది పార్టులు మిగులుతాయి. ఖాళీ చేసి పంపడం బద్ధకమై ఎవరో వాటిని వెనక డబ్బాలో పోసేస్తారు, లేదా స్టోరు మనిషి మంచిచేద్దామని సగం ఉన్న డబ్బాని పైదాకా నింపేస్తాడు. రెండూ సాయం లాగే కనిపిస్తాయి. కానీ డబ్బా ఖాళీ అవ్వడమే సంకేతం అయినప్పుడు, ఖాళీ అవ్వని డబ్బా ఏమీ చెప్పదు. పైగా అడుగున ఉన్న పాత సరుకు ఎప్పటికీ అడుగునే ఉండిపోతుంది. రబ్బరు ఓ-రింగులు, బోల్టు దారాలు పట్టే జిగురు లాంటి గడువున్న సామానుకి ఇది నిజంగా నష్టం. ఒక డబ్బా పూర్తిగా అయ్యాకే రెండోది తెరిస్తే పాతది ముందు వెళ్తుంది. డబ్బాల పద్ధతిలో ఈ లాభం ఊరికే వస్తుంది, పైన పోస్తే పోతుంది.

పద్ధతి చెడిందో లేదో తెలుసుకోవడానికి సాయంత్రం ర్యాకు ముందు ఒక్క నిమిషం నిలబడితే చాలు. ఒకే పార్టు రెండు డబ్బాలూ సగం సగం ఉంటే ఎవరో రెండూ ఒకేసారి తెరిచారని అర్థం. పక్క లైను వాళ్ళు వెనక నుంచి అరువు తీసుకుంటే ఇలాగే కనిపిస్తుంది. ఖాళీ డబ్బా ఉండాల్సిన కింది అరలో డబ్బా లేదు, వెనక చోటూ ఖాళీయే అంటే, ఆ డబ్బా ఎక్కడో గ్రీజు గుడ్డలకో స్క్రూడ్రైవర్లకో వాడుకలో ఉంది. వెతికి తెచ్చేదాకా వదలకండి. అది డబ్బా కాదు, పోయిన ఇండెంటు.

విశాఖ నుంచి స్టోరుకి: ఇక్కడే డబ్బు తేడా

ఇప్పుడు పెద్ద చుట్టు. ఈ షాపు సోమవారం, గురువారం మాత్రమే విశాఖకి ఆర్డరు పెడుతుంది. లారీ పార్సిలు ఏర్పాటు అలా కుదిరింది. ఆర్డరు పెట్టాక సరుకు స్టోరులో దిగడానికి ఐదు పని రోజులు. సోమవారం ఆర్డరు శనివారం దిగుతుంది. ఆర్డరు రోజు కోసం మూడు రోజుల దాకా ఆగాల్సి రావొచ్చు. కాబట్టి లెక్కలో ఎనిమిది రోజులు తీసుకోవాలి. సప్లయరు చెప్పే "ఐదు రోజులు" తీసుకుని లెక్క వేసి, కొరత వచ్చాక లారీని తిట్టుకునే షాపులు చాలా ఉన్నాయి. మన దగ్గర ఆగిన మూడు రోజులు వాళ్ళ ఖాతాలో ఉండవు.

బేరింగులకి కార్డుల లెక్క ఇలా వస్తుంది. కార్టన్‌లో 120 ఉంటాయనుకుందాం.

```
కార్డులు = రోజు వాడకం × రోజులు × 1.25 ÷ కార్టన్‌లో సంఖ్య
         = 240 × 8 × 1.25 ÷ 120
         = 20
```

ఇరవై కార్డులు. కార్టన్ సీలు తెంచిన క్షణంలో కార్డు తీసి పెట్టెలో వెయ్యాలి, అప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. ఆఖరి బేరింగు వాడాక కార్డు వేసే అలవాటైతే 21 కార్డులు కావాలి, ఎందుకంటే సగం వాడిన కార్టన్ కూడా నిండుగా ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. సీలు తెంచగానే వెయ్యడమే మంచిది. సీలు తెంచడం ఒకే చేత్తో ఒకేసారి జరిగే పని, "అయిపోవచ్చింది" అనేది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

ఇదే బేరింగుకి రెండు డబ్బాలు పెడితే ఒక్కో డబ్బా 240 × 8 × 1.25, అంటే 2,400. ఇక్కడ డబ్బా అంటే ర్యాకులో ఇరవై కార్టన్ల వరుస అనుకోండి.

రెండింటిలో స్టోరులో ఎంత సరుకు పడి ఉంటుందో చూద్దాం. కార్డుల్లో, ఆర్డరు పెట్టిన క్షణంలో చేతిలో ఉన్నవీ దారిలో ఉన్నవీ కలిపి ఎప్పుడూ 2,400. ఆ ఆర్డరు దిగేలోపు ఐదు రోజుల్లో 1,200 వాడేస్తారు. అంటే లోడు దిగిన సాయంత్రం స్టోరులో 1,200 ఉంటాయి. మూడు రోజుల తర్వాత ఇంకో లోడు దిగే ముందు 480కి దిగుతాయి. సగటున 840. తెరిచి ఉన్న కార్టన్‌ని ఇందులో కలపలేదు.

డబ్బాల్లో, మొదటి 2,400 అయిపోయాక ఆర్డరు రోజు దాకా ఆగి, ఐదు రోజులు గడిచి సరుకు దిగేసరికి రెండో డబ్బాలో 480 నుంచి 1,200 మధ్య మిగులుతాయి. దాని మీద 2,400 వచ్చి పడతాయి. సగటు 2,040.

తేడా 1,200 బేరింగులు, అంటే ఐదు రోజుల వాడకం. ఈ ఆర్డరు రోజులకీ ఈ లారీకీ ఏ పార్టు తీసుకున్నా తేడా ఐదు రోజుల వాడకమే వస్తుంది. అందుకే ఇక మిగతా పార్టులకి ఇంత లెక్క అక్కర్లేదు. ఐదు రోజుల్లో ఆ పార్టుకి ఎంత డబ్బు ఖర్చవుతుందో చూస్తే చాలు.

బేరింగు ఒక్కోటి 250 రూపాయలనుకుంటే 1,200 బేరింగులు మూడు లక్షలు. ఏడాదికి 12 శాతం వడ్డీ వేసినా నెలకి 3,000 రూపాయలు, చోటు సంగతి అలా ఉంచి. రోజుకి పావుగంట కార్డుల పని పెట్టుకోవడానికి ఇది చాలు. స్ప్రింగు వాషరు రెండు రూపాయలనుకుంటే ఐదు రోజుల 800 వాషర్లు 1,600 రూపాయలు. ఏడాది వడ్డీ 192. దీనికి కార్డులు కట్టి, ఊడదీసి, లెక్కపెట్టడం దండగ పని. సర్కిలిప్ నాలుగు రూపాయలైతే 4,800. దీనికీ డబ్బాలే. సీలు సెట్టు 20 రూపాయలైతే ఐదు రోజులకి 24,000, పైగా చోటు బాగా ఆక్రమిస్తుంది. మేమైతే సీలుకి కార్డులే పెట్టమంటాం. పదివేలకి లోపు డబ్బాలు, ఇరవై వేలు దాటితే కార్డులు. మధ్యలోవి ర్యాకులో పడితే డబ్బాలు, పట్టకపోతే కార్డులు. ధరలు మీవి పెట్టుకుని చూసుకోండి.

ఒక మెలిక ఉంది. ఈ ఐదు రోజుల లాభం లారీ వారానికి రెండుసార్లు వస్తేనే. ఈ బేరింగు డబ్బా ఖాళీ అవ్వడానికి పది రోజులు పడుతుంది. మీ సప్లయరు కూడా పది పని రోజులకొకసారే లోడు పంపుతానంటే కార్డులు పెట్టినా పది రోజుల సరుకు ఒకేసారి దిగుతుంది. అప్పుడు కార్డుల శ్రమ మిగులుతుంది, లాభం ఉండదు. కాబట్టి కార్డులు అచ్చువేయించే ముందు లారీ ఎన్నిసార్లు వస్తుందో, చిన్న పార్సిలుకి ఎంత అడుగుతారో తేల్చుకోండి. బేరింగులు, సీలులు ఒకే డిపో నుంచి ఒకే పార్సిలుగా తెప్పించుకోగలిగితే వారానికి రెండు ట్రిప్పులు భారం కావు.

కార్డు మీద ఏం ఉండాలి, ఎటు తిరగాలి

కార్డు మీద బేరింగు నంబరు పూర్తిగా ఉండాలి. 6305 అని రాస్తే చాలదు. రెండు వైపులా రబ్బరు సీలున్నదీ, రేకు కప్పున్నదీ కంటికి తేడా తెలుస్తాయి కానీ, లోపలి సందు ఎక్కువున్న సి3 రకాన్నీ మామూలు రకాన్నీ చూసి ఎవరూ చెప్పలేరు. నంబరే ఆధారం. అందుకే బేరింగులకి కార్డు వల్ల అచ్చైన నంబరు ప్రతి కార్టన్‌తో పాటు ప్రయాణం చేస్తుంది. వచ్చిన పెట్టె మీది నంబరు, కార్డు మీది నంబరు అక్షరం అక్షరం కలిశాకే కార్డు కట్టాలి. మిగతావి: ఒక కార్టన్‌లో సంఖ్య, ర్యాకు చోటు, సప్లయరు, ఇరవైలో ఇది ఎన్నోదో. ఈ ఆఖరిది తప్పకుండా రాయండి, ఎందుకో కింద తెలుస్తుంది.

కార్డు విశాఖకి వెళ్ళక్కర్లేదు. సప్లయరుకి మన కార్డులు దాచిపెట్టే ఓపిక ఉండదు. బల్ల దగ్గర పెట్టెలో పడిన కార్డుల్ని సోమవారం, గురువారం ఉదయం తీసి వరసగా పేర్చి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, కింద మొత్తం ఎన్ని కార్టన్లో రాయండి. ఆ తర్వాత కార్డుల్ని గోడ మీది పలకలో, సరుకు దిగాల్సిన తేదీ ఉన్న అరలో పెట్టండి. లోడు దిగినప్పుడు ఆ అరలోని కార్డులే తీసి కార్టన్లకి కట్టాలి. ఆరు కార్టన్లు అడిగితే నాలుగే వచ్చాయనుకోండి, రెండు కార్డులు అరలోనే మిగిలిపోతాయి. తేదీ దాటిన అరలో కార్డు కనబడితే ఫోను చెయ్యాలని ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బాల పద్ధతిలో ఈ సదుపాయం లేదు. తక్కువ వచ్చిన సరుకుని డబ్బాలో పోసేస్తే తక్కువ వచ్చిన సంగతి అక్కడితో మాయమవుతుంది.

కార్డుకి ఉన్న పెద్ద జబ్బు పోవడం. చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు, కార్టన్ అట్టతో పాటు తుక్కులో పారేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మన లెక్కలో లోడు దిగే ముందు మిగిలే 480 బేరింగులు సరిగ్గా నాలుగు కార్డులు. ఒకటి పోతే ఎవరికీ తెలియదు, రెండు పోయినా తెలియదు. నాలుగు పోయినప్పుడు లోడు దిగే వేళకి ర్యాకు బోసిపోతుంది. ఐదోది పోయినప్పుడు పూట పని ఆగిపోతుంది. అప్పుడు అందరూ వాడకం పెరిగిందనుకుంటారు. పెరగదు, కార్డులు తరుగుతాయి. శనివారం సాయంత్రం కార్టన్ల మీద, పెట్టెలో, పలకలో ఉన్న కార్డులు లెక్కపెడితే ఇరవై రావాలి. రాకపోతే ఎన్నో నంబరు కార్డు లేదో చూసి అదే నంబరుతో కొత్తది వెయ్యండి. పాతది దొరికితే చింపెయ్యండి. రెండూ తిరిగితే మీకు తెలియకుండా 120 బేరింగులు ఎక్కువ వస్తాయి. కార్డుని రేకు క్లిప్పుతో కార్టన్‌కి కాకుండా, సీలు మీదుగా అడ్డంగా కట్టండి. కార్డు కదపకుండా పెట్టె తెరవడం కుదరకూడదు.

వాన, సంక్రాంతి, పెద్ద ఆర్డరు

జూలై నుంచి సెప్టెంబరు దాకా దారి నమ్మడానికి లేదు. రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందో లెక్క చూడండి: పది రోజులు × 240 = 2,400. ఇరవై కార్డుల సరుకు సరిగ్గా ఊడ్చుకుపోతుంది, భద్రత సున్నా. పది రోజులకి పావు భద్రత కలిపితే 3,000, అంటే 25 కార్డులు. ఐదు కార్డులు నీలం రంగులో వేయించి స్టోరు డ్రాయరులో ఉంచండి. జూన్ ఆఖరులో ఆర్డరు పెట్టెలో వేస్తే ఆ సరుకు వానలు బలపడేలోపు దిగుతుంది. సెప్టెంబరు చివర్లో నీలం కార్డు పెట్టెలోకి వచ్చినప్పుడల్లా తీసి డ్రాయరులో వేసెయ్యండి. నిల్వ దానంతట అది దిగిపోతుంది.

సరిహద్దు జిల్లాలకి ఇంకో చిక్కు ఉంది, పండుగలు రెండు వైపులా ఒకేసారి రావు. జనవరిలో భోగి, సంక్రాంతి, కనుమకి విశాఖ డిపో మూసేస్తారు, ఇక్కడ షాపు మాత్రం ఆ మూడు రోజులూ నడుస్తూ ఉండొచ్చు. జూన్ మధ్యలో రజ సంక్రాంతికి, ఆషాఢంలో రథయాత్రకి, చైత్రంలో మజ్జిగౌరి అమ్మవారి పండుగకి ఇక్కడ పని తగ్గుతుంది, అక్కడి నుంచి సరుకు మాత్రం వచ్చేస్తుంది. మొదటిదే ప్రమాదం. మూడు రోజులు కలిపితే పదకొండు రోజులు, 2,640 బేరింగులు కావాలి, ఇరవై కార్డులు 2,400 మాత్రమే ఇస్తాయి. అవే ఐదు నీలం కార్డుల్ని జనవరి మొదటి ఆర్డరులో కలిపితే 3,000 అవుతాయి, పండుగ దాటిపోతుంది.

డబ్బాల సరుకు స్టోరులో సంచుల్లో ఉంటుంది కాబట్టి, దానికి ఇదే పని మూడో సంచితో చెయ్యాలి. వాషర్లకి ఒక్కో సంచి 160 × 8 × 1.25, అంటే 1,600. జూన్‌లో అదనంగా ఒక సంచి తెప్పించి వేరే అరలో పెట్టి, వానలు తగ్గాక వాడేసి, దానికి మళ్ళీ ఆర్డరు పెట్టకండి. చవక సరుకు కాబట్టి ఇంతకంటే సన్నంగా ఆలోచించే అవసరం లేదు.

రోలర్ల ఆర్డరు పెరిగినప్పుడు కార్డులకి సౌకర్యం ఎక్కువ. రోజుకి 120 నుంచి 180 అయితే బేరింగులు 360, కార్డులు 30. పది కార్డులు కలిపితే సరి. డబ్బాలకి మాత్రం డబ్బా సైజే మారాలి. బల్ల దగ్గర 300 పట్టే సర్కిలిప్ డబ్బాలో 450 పట్టవు. దీనికి డబ్బాలు మార్చడం కంటే ట్రాలీ చుట్లు రెండు నుంచి మూడు చెయ్యడం సులువు. ఎప్పుడు లెక్క మళ్ళీ వెయ్యాలంటే, రోజు వాడకం పాత లెక్క మీద ఐదో వంతు పెరిగితే వెంటనే వెయ్యండి. పావు వంతు భద్రతలో అప్పటికే ఎక్కువ భాగం ఖర్చయిపోయి ఉంటుంది.

రెండూ పనికిరాని సామాను

రెండు పద్ధతులూ రోజూ కాస్త కాస్త వాడే పార్టులకే. రెండు నెలలకొకసారి ఏదో గనికి వెళ్ళే ఫ్రేముకి మాత్రమే పట్టే ఎం20 పొడుగు బోల్టులకి డబ్బా పెడితే, రెండో డబ్బా తుప్పు పట్టే దాకా కదలదు. అలాంటివి ఆ ఆర్డరుతో పాటే లెక్కపెట్టి తెప్పించుకోవాలి. ఎం16 నట్లలో సన్న దారాలవి, మామూలు దారాలవి రెండూ వాడే షాపైతే వాటిని పక్కపక్కన ఒకే అరలో ఎప్పుడూ పెట్టకండి. దారాల దూరం ఒకటి 1.5, ఇంకోటి 2 మిల్లీమీటర్లు, చేత్తో పట్టుకుంటే తెలియదు. ఒక డబ్బాలో రెండూ కలిస్తే మొత్తం డబ్బా బోల్టుతో ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే.

స్టోరు వాషర్లకి మధ్యేమార్గం

చవక సరుకు బయటి నుంచి వచ్చేటప్పుడు ఖాళీ సంచిని సంకేతంగా వాడడం కష్టం. సంచి చిరిగిపోతుంది, ఎవరో తీసుకెళ్తారు. అందుకని రెండో సంచి మూతికి ఒక్కటే కార్డు తాడుతో కట్టండి. ఆ మూతి విప్పితే కార్డు పెట్టెలో పడుతుంది, సోమవారమో గురువారమో బేరింగు కార్డులతో పాటు ఫొటోలోకి వెళ్తుంది. పార్టుకి ఒక్కటే కార్డు కాబట్టి శనివారం లెక్కలో ఇది కట్టి ఉందా, పెట్టెలో ఉందా, పలకలో ఉందా అని చూడడం క్షణం పని. కొత్త సంచి వచ్చినప్పుడు దాన్ని వెనక పెట్టి దానికే కార్డు కట్టాలి. తొందరలో ముందు సంచికి కడితే దాని మూతి మళ్ళీ విప్పేది ఉండదు, కార్డు ఎప్పటికీ పడదు.

మొదలుపెట్టేటప్పుడు అన్ని పార్టులూ ఒకేసారి ఎత్తుకోకండి. ముందు బల్ల దగ్గర సర్కిలిప్, వాషరు, నట్టు మూడింటికి డబ్బాలు పెట్టి రెండు వారాలు నడపండి. ట్రాలీ చుట్టు వేళకి జరుగుతోందా అన్నది అక్కడే తేలుతుంది. అది కుదరకుండా కార్డులు పెడితే, కార్డులు పెట్టెలోనే పోగుపడతాయి. బేరింగుల కార్డులు మొదలుపెట్టే రోజు స్టోరులో, దారిలో కలిపి ఇరవై కార్టన్ల కంటే ఎక్కువ ఉంటే, ఇరవైకే కార్డులు కట్టి మిగతావాటిని కార్డు లేకుండా ముందు వరసలో పెట్టి వాడేయండి. అవి అయ్యాక మొదటి కార్డు పడుతుంది.